ఎంబ్రాయిడరీ మెషిన్ అప్పు: వాయిదాకు సరిపడా మిగులుతుందా, పెట్టుబడి ఎన్నాళ్ళకు తిరిగి వస్తుంది?

ప్రశ్న: మాది చిన్న పట్టణంలో లేడీస్ టైలరింగ్ షాపు. ఇప్పుడు నెలకు 25 బ్లౌజుల దాకా వర్కు బయట చేయిస్తున్నాను. కస్టమర్ దగ్గర సగటున 600 తీసుకుని, వర్కు చేసేవాళ్ళకు 450 ఇస్తే నాకు 150 మిగులుతోంది. సొంతంగా సింగిల్ హెడ్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొందామనుకుంటున్నాను. మెషిన్ 4,20,000, మిగతా సామానుతో 4,50,000 అవుతుంది. నా చేతిలో 90,000 ఉంది. మిగిలిన 3,60,000 బ్యాంకు 12 శాతం వడ్డీకి 48 నెలలకు ఇస్తానంటోంది, వాయిదా 9,480. నెలకు 60 బ్లౌజులు వస్తే 36,000 అదనపు ఆదాయమని, ఏడాదిలో మెషిన్ డబ్బు తిరిగి వచ్చేస్తుందని డీలర్ చెబుతున్నాడు. ఈ లెక్క నమ్మవచ్చా?

జవాబు:

డీలర్ 4,20,000ను 36,000తో భాగించి ఏడాది అని చెప్పాడు. ఆ 36,000 మీ గల్లాపెట్టెలోకి వచ్చే డబ్బే గాని అందులో చాలా భాగం మళ్ళీ బయటికి వెళ్ళిపోతుంది, కొంత భాగం మెషిన్ లేకపోయినా మీకు ఇప్పటికే వస్తున్నది. వాయిదా కట్టడానికి పనికివచ్చే అదనపు ఆదాయం అంటే, మెషిన్ ఉన్నప్పుడు నెలాఖరుకు మీ చేతిలో మిగిలేదానికీ మెషిన్ లేనప్పుడు మిగిలేదానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. ఈ తేడా ఎంతో తేలితే వాయిదా సంగతీ, పెట్టుబడి తిరిగి వచ్చే గడువు సంగతీ రెండూ తేలిపోతాయి. కాబట్టి ముందు దాన్నే కట్టుదిట్టంగా లెక్క వేద్దాం. నేను కింద వాడిన ఖర్చుల అంకెలు మీ వంటి షాపుల లెక్కలు చూసిన అనుభవంతో వేసుకున్నవి. మీ ఊరి ధరలను బట్టి వాటిని మార్చుకోండి, కాని ఏ ఖర్చునూ పూర్తిగా తీసివేయవద్దు.

మొదట ఒక్క బ్లౌజు మీద పడే ఖర్చు చూడండి. పాలిస్టర్ దారం, జరీ దారం, బాబిన్ దారం, గుడ్డ అడుగున వేసే పేపరు, సూదులు కలిపి ఒక మోస్తరు వర్కుకు 90 రూపాయలు వేసుకుందాం. జరీ ఎక్కువ పడే డిజైన్లకు ఇది ఇంకా పెరుగుతుంది. కరెంటుకు 20 వేసుకుందాం, ఎందుకంటే షాపు కనెక్షన్ మీద యూనిట్ ధర ఇంటి ధర కన్నా ఎక్కువ. మూడోది చాలామంది రాసుకోని ఖర్చు. ఫ్రేమ్ సరిగా బిగియక గుడ్డ జరిగిపోవడం, దారం తెగిన చోట కుట్టు తప్పిపోవడం, పట్టుగుడ్డ మీద సూది రంధ్రాలు మిగిలిపోవడం వంటివి ఎంత జాగ్రత్తగా ఉన్నా నెలలో ఒకటి రెండు జరుగుతాయి. చీరతో వచ్చిన బ్లౌజు పీసు చెడిపోతే అదే రంగు పీసు వెతికి తెచ్చే ఖర్చు మీదే. దానిని అన్ని బ్లౌజుల మీదా పంచితే ఒక్కోదానికి 20 పడుతుంది. మొత్తం 130. అంటే 600 తీసుకున్న చోట ఒక బ్లౌజు మీద నిజంగా మిగిలేది 470.

తరువాత బ్లౌజులు ఎన్ని వచ్చినా రాకపోయినా నెల తిరిగేసరికి తప్పని ఖర్చులు. ఆపరేటరు జీతం 14,000 అనుకుందాం. మెషిన్‌కు సర్వీసు, నూనె, అరిగిన భాగాలు, ఎప్పుడో ఒకప్పుడు కాలిపోయే బోర్డు, కొత్త డిజైన్ల కొనుగోలు అన్నిటికీ కలిపి నెలకు 2,000 పక్కన పెట్టాలి. ఈ రెండు వేలు ప్రతి నెలా ఖర్చు కాదు కాబట్టి లెక్కలో ఎందుకని అనిపించవచ్చు. కాని గ్యారంటీ గడువు దాటాక వచ్చే ఒక్క పెద్ద రిపేరు ఏడాది మొత్తానికి మీరు పక్కన పెట్టినదాన్ని ఒక్కసారే అడుగుతుంది. ఇక ఇప్పుడు బయట చేయించే 25 బ్లౌజుల మీద మీకు నెలకు వస్తున్న 3,750 కూడా ఇక్కడే తీసివేయాలి, ఎందుకంటే ఆ డబ్బు మెషిన్ తెచ్చిపెట్టినది కాదు. అది ఇప్పటికే మీ ఇంటి ఖర్చుకో షాపు అద్దెకో పోతూ ఉంటుంది, దాన్ని తీసి వాయిదాకు కడితే అక్కడ లోటు పడుతుంది. జీతం, నిర్వహణ, ఈ పాత మిగులు కలిపితే 19,750.

ఇప్పుడు డీలర్ చెప్పిన 60 బ్లౌజులనే తీసుకోండి. 60ని 470తో గుణిస్తే 28,200. అందులోంచి 19,750 తీసివేస్తే 8,450. డీలర్ 36,000 అని చూపించిన అదనపు ఆదాయం అసలు స్వరూపం ఇది, మీ వాయిదా 9,480 కన్నా వెయ్యికి పైగా తక్కువ. అంటే డీలర్ చెప్పినన్ని బ్లౌజులు వచ్చినా ప్రతి నెలా మీరు టైలరింగ్ మీద సంపాదించినదాంట్లోంచి కొంత తీసి మెషిన్ అప్పుకు కట్టవలసి వస్తుంది. వాయిదా మాత్రం సరిగ్గా తెగాలంటే ఎన్ని బ్లౌజులు కావాలో కనుక్కోవడానికి 9,480కి 19,750 కలిపి, వచ్చిన 29,230ని 470తో భాగించండి. 63 బ్లౌజులు కావాలి. ఈ 63 అనే అంకెను గుర్తు పెట్టుకోండి, ఇకముందు చెప్పబోయేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఆపరేటరు లేకుండా మెషిన్ నేనే చూసుకుంటాను, 14,000 మిగులుతుంది కదా అని మీకు తోచవచ్చు. మెషిన్ తనంతట తాను కుడుతుందన్న మాట నిజమే గాని, ఒక బ్లౌజుకు రెండు చేతులు, వెనుక మెడ, ముందు భాగం అని విడివిడిగా ఫ్రేమ్‌లు బిగించాలి, దారాలు మార్చాలి, తెగినప్పుడు లేచి వెళ్ళి ఎక్కించాలి. ఒక్కో బ్లౌజుకు మీ చేతి సమయం 40 నిమిషాలు పోయిందనుకున్నా 60 బ్లౌజులకు నెలకు 40 గంటలు. ఆ సమయంలో మీరు కుట్టగలిగిన లైనింగ్ బ్లౌజులు ఇరవై, ఒక్కోదానికి 300 చొప్పున 6,000 మీ కుట్టు ఆదాయం తగ్గుతుంది. మెషిన్ దగ్గర కూర్చోబెట్టడానికి ఒక అమ్మాయిని 5,000కు పెట్టుకున్నా మొత్తం 11,000. మీకు నికరంగా ఆదా అయ్యేది 3,000 మాత్రమే. అది చిన్న మొత్తమేమీ కాదు, అదనపు ఆదాయాన్ని 11,450కి చేర్చి వాయిదాను దాటిస్తుంది. కాని మీకు జ్వరం వచ్చిన వారం మెషిన్, కుట్టు రెండూ ఒకేసారి ఆగిపోతాయి. అందుకని నేను మిగతా లెక్కంతా ఆపరేటరు జీతం కలిపే చేస్తాను.

వాయిదా విషయానికి వస్తే, బ్యాంకు చెప్పిన 9,480 సరైన అంకే. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఎక్సెల్ ఉంటే మీరే సరిచూసుకోవచ్చు.

```
=PMT(12%/12,48,-360000)
```

ఇది సరిచూసుకోమనడానికి కారణం ఉంది. మెషిన్ అమ్మేవాళ్ళు తమకు తెలిసిన ప్రైవేటు ఫైనాన్స్ ద్వారా అప్పు ఇప్పిస్తామని, కాగితాల బాధ లేదని, వడ్డీ కూడా రూపాయి వడ్డీయేనని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, కాబట్టి బ్యాంకుతో సమానమే అనిపిస్తుంది. కాని వాళ్ళు వడ్డీని తీరుతూ వస్తున్న బాకీ మీద కాకుండా, మొదట తీసుకున్న 3,60,000 మీదనే నాలుగేళ్ళ పాటూ వేస్తారు. అప్పుడు వడ్డీయే 1,72,800 అవుతుంది, వాయిదా 11,100 అవుతుంది. మూడో సంవత్సరంలో సగానికి పైగా అసలు తీరిపోయాక కూడా పూర్తి మొత్తానికి వడ్డీ కడుతూనే ఉంటారు కాబట్టి, ఆ రూపాయి వడ్డీ బ్యాంకు పద్ధతిలో చూస్తే ఏడాదికి 20 శాతం దాటుతుంది. నెలకు 1,620 తేడా, అంటే 63 బ్లౌజులు కావలసిన చోట 66 కావాలి. దీన్ని కనిపెట్టడానికి సులభమైన మార్గం ఒకటి ఉంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ చిన్న వ్యాపారుల టర్మ్ లోన్లకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి, అందులో ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులు కూడా కలుపుకొని అప్పు నిజంగా ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపించాలి. సంతకం చేసే ముందు ఆ కాగితం అడిగి, ఏపీఆర్ అని రాసి ఉన్న అంకె చూడండి. నోటితో చెప్పిన వడ్డీకీ దానికీ మధ్య ఎడం ఎక్కువగా ఉంటే ఎందుకో అక్కడికక్కడే అడగండి. మీ మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ముద్ర పథకంలో కిశోర్ విభాగం కిందకు వస్తుంది. ఆ పథకంలో ఇల్లు, పొలం వంటివి తనఖా పెట్టనక్కరలేదు. బ్యాంకులో ఈ మాట మీరే ఎత్తాలి.

అయితే 63 బ్లౌజులు వస్తే సరిపోతుందా అంటే సరిపోదు. అదనపు ఆదాయం, వాయిదా సరిసమానంగా ఉన్న షాపు ఒక్క చెడ్డ నెలకే తడబడుతుంది. చిన్న వ్యాపారాలకు అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు కూడా వాయిదాకు కనీసం ఒకటింపావు రెట్లు, వీలైతే ఒకటిన్నర రెట్లు మిగులు ఉండాలని చూస్తాయి. మీ వ్యాపారం ముహూర్తాల మీద ఆధారపడినది కాబట్టి ఒకటిన్నర రెట్లకు తగ్గవద్దని నా అభిప్రాయం. వాయిదాకు ఒకటిన్నర రెట్లు అంటే 14,220. దానికి 19,750 కలిపి 470తో భాగిస్తే నెలకు సగటున 73 బ్లౌజులు. లెక్క తేలికగా ఉండేందుకు 75 అనుకుందాం, అప్పుడు అదనపు ఆదాయం 15,500 అవుతుంది.

ఆ 75 సగటు కూడా నెలనెలా సమానంగా రాదు. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో పని కుప్పలుగా వచ్చి పడుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే పెళ్ళి బ్లౌజులు దాదాపు ఆగిపోతాయి. సంవత్సరంలో 4 నెలలు 100 చొప్పున, 4 నెలలు 80 చొప్పున, 4 నెలలు 45 చొప్పున వచ్చాయనుకోండి, సగటు సరిగ్గా 75. మంచి నెలలో అదనపు ఆదాయం 27,250 ఉంటుంది, మధ్యస్థ నెలలో 17,850 ఉంటుంది, మందగించిన నెలలో అది 1,400కి పడిపోతుంది. ఆపరేటరు జీతం మాత్రం ఆషాఢం అని తగ్గదు, బ్యాంకు వాయిదా తేదీకి మూఢమూ శుభ దినమూ తెలియవు. మందగించిన ఒక్కో నెలలో వాయిదాకు 8,080 తక్కువ పడుతుంది, అటువంటి రెండు నెలలు పక్కపక్కన వస్తే 16,000 పైచిలుకు ఎక్కడి నుంచో తేవాలి. అది మంచి నెలల్లో దాచినదై ఉండాలి. సీజనులో చేతిలో ఆడే డబ్బు చూసి దానిని లాభమని అనుకుని నగలకో ఇంటి రంగులకో వాడినవాళ్ళే భాద్రపదంలో రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి వాయిదా కడతారు. ప్రతి మంచి నెలలోనూ ఆ నెల వాయిదా కట్టాక, ఇంకొక వాయిదాకు సరిపడే మొత్తం వేరే ఖాతాలో వేసి తాకకుండా ఉంచితే ఈ అవస్థ ఉండదు.

ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. అప్పు తీసుకునే సంవత్సరం పంచాంగం ముందే తెరిచి చూడండి. 2023లో శ్రావణ మాసమే అధికంగా వచ్చి, జులై మధ్యలో మొదలుకావలసిన పెళ్ళి పనులు ఆగస్టు మధ్య దాకా ఆగిపోయాయి. 2026లో మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం. అటువంటి ఏడాదిలో మీరు సీజను అని లెక్కపెట్టుకున్న ఒక నెల ఖాళీ నెల అవుతుంది. దానికితోడు గురు, శుక్ర మౌఢ్యాలు ఏ నెలల్లో పడుతున్నాయో కూడా చూసుకుని, ఆ నెలలను 45 కిందనే వేసుకోండి. డీలర్ చూపించే లెక్కల పట్టికల్లో పన్నెండు నెలలూ ఒకేలా ఉంటాయి.

ఇక పెట్టుబడి ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందన్నది. ఇందులో రెండు లెక్కలున్నాయి, రెండూ చేయాలి. మొదటిది సాదా భాగహారం. మెషిన్ ధర 4,20,000 కాకుండా మీరు పెట్టబోయే మొత్తం 4,50,000 తీసుకోండి, స్టెబిలైజరు, ఫ్రేములు, దారాల మొదటి సరుకు, రవాణా లేకుండా మెషిన్ నడవదు కదా. 4,50,000ను 15,500తో భాగిస్తే 29 నెలలు. రెండోది వడ్డీతో కలిపిన లెక్క. పెట్టిన డబ్బుకు నెలకు ఒక శాతం వడ్డీ నడుస్తూ ఉండగా, నెలకు 15,500 చొప్పున తీరుతూ వస్తే ఎన్ని నెలలకు సున్నా అవుతుందన్నది దాని అర్థం. మీ సొంత 90,000కు కూడా అదే వడ్డీ వేయాలి, ఎందుకంటే ఆ డబ్బు చిట్టీలో ఉన్నా, పాత అప్పు తీర్చడానికి వాడినా మీకు ఎంతో కొంత మిగిల్చేదే.

```
=NPER(12%/12,-15500,450000)
```

దీనికి వచ్చే జవాబు 34 నెలల పైన కొద్ది రోజులు, అంటే 35వ నెలలో తీరుతుంది. అప్పు గడువు 48 నెలలు, పెట్టుబడి తిరిగి వచ్చేది 35 నెలలకు, మధ్యలో 13 నెలల ఎడం. ఈ ఎడమే మీ భద్రత. ఇదే లెక్కను 60 బ్లౌజుల మీద వచ్చే 8,450తో చేస్తే సాదా భాగహారంలో 53 నెలలు, వడ్డీతో 76 నెలలు దాటుతుంది. అంటే బ్యాంకు అప్పు ముగిసిపోయిన రెండేళ్ళ తరువాత కూడా మెషిన్ తన ఖర్చు తాను రాబట్టుకోదు. బ్లౌజుల సంఖ్య 75 నుంచి 60కి, అంటే ఐదో వంతు తగ్గితే గడువు రెండింతలకు పైగా ఎందుకు పెరిగిందంటే, స్థిరమైన ఖర్చులు ఏమాత్రం తగ్గలేదు గనుక ఆ తగ్గుదల అంతా మిగులు మీదనే పడింది. పైగా నెలనెలా తిరిగి వచ్చేది తక్కువైనప్పుడు అందులో ఎక్కువ భాగాన్ని వడ్డీయే తినేస్తుంది. సాదా లెక్కకూ వడ్డీ లెక్కకూ మధ్య తేడా కొద్ది నెలలే ఉంటే పెట్టుబడి ఆరోగ్యంగా ఉన్నట్టు, ఆ తేడా ఏడాది దాటుతోందంటే అది సన్నని మిగులు మీద నడుస్తున్నట్టు అని నేను గుర్తుగా పెట్టుకుంటాను.

ఈ 75 మొదటి నెల నుంచే రాదన్నది కూడా లెక్కలోకి తేవాలి. ఆపరేటరు చేయి కుదురుకోవాలి, మీ దగ్గరే వర్కు అవుతుందని ఊళ్ళో తెలియాలి. మొదటి మూడు నెలలు 20, 40, 55 చొప్పున వచ్చాయనుకుంటే ఆ మూడు నెలల అదనపు ఆదాయం కలిపి చూస్తే ఇంకా 5,200 నష్టంలోనే ఉంటుంది. దానికి మూడు వాయిదాలు చేరితే సుమారు 34,000. మీ దగ్గర ఉన్న 90,000 మొత్తం మెషిన్‌లో మీ వంతు పెట్టుబడి కిందనే పోతోంది కాబట్టి ఈ 34,000 ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా సంతకం చేయవద్దు. మూడు నెలల మారటోరియం ఇవ్వమని బ్యాంకును అడగవచ్చు. అయితే ఆ మూడు నెలలకు నెలకు 3,600 చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది, వాయిదా మాత్రమే వాయిదా పడుతుంది. అయినా అడగడం మంచిదే. వీలైతే మొదటి వాయిదా శ్రావణంలో పడేటట్టు మెషిన్ కొనే నెలను ఎంచుకోండి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ధర. మీరు 600 తీసుకోగలుగుతున్నది మీ ఊళ్ళో ఇటువంటి మెషిన్లు తక్కువ ఉన్నందువల్ల. మీకు అమ్మిన డీలరే వచ్చే ఏడాది పక్క వీధిలో ఇంకొకరికి ఇదే పట్టిక చూపించి అమ్ముతాడు, అది అతని వ్యాపారం. ఒక ఊళ్ళో మూడో మెషిన్, నాలుగో మెషిన్ వచ్చేసరికి ఖాళీగా ఉన్న మెషిన్‌కు వాయిదా కట్టుకోవడానికి ఎవరో ఒకరు 500కే చేస్తానంటారు, తరువాత అందరూ దిగవలసి వస్తుంది. 600 స్థానంలో 500 అయితే ఒక బ్లౌజు మీద మిగిలేది 370. అవే 75 బ్లౌజులు కుట్టినా అదనపు ఆదాయం 15,500 నుంచి 8,000కి పడిపోతుంది. ధర ఆరో వంతు తగ్గితే మిగులు దాదాపు సగానికి వచ్చింది, వాయిదా తెగడం లేదు. 75 బ్లౌజుల దగ్గర మీరు దిగగలిగిన అడుగు ధర 520. అంతకన్నా కిందికి వెళితే నెలనెలా చేతి డబ్బు పడుతుంది. కాబట్టి కొనే ముందు చుట్టుపక్కల ఉన్న మెషిన్లు ఎన్ని, వాళ్ళు ఎంత తీసుకుంటున్నారు, వాళ్ళ మెషిన్లు రోజంతా నడుస్తున్నాయా లేక మధ్యాహ్నానికే ఆగిపోతున్నాయా అన్నది కస్టమరులా వెళ్ళి తెలుసుకోండి. ఖాళీగా ఉన్న మెషిన్లు కనిపిస్తే ధర తగ్గే రోజు దగ్గరలో ఉన్నట్టే.

ఇప్పుడు ఆ 75 ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. మీ పుస్తకంలో నిజంగా ఉన్నవి 25. మిగతా 50 ఇంకా ఎవరూ ఇవ్వని ఆర్డర్లు. మెషిన్ వైపు నుంచి ఇబ్బంది లేదు. నిమిషానికి 1,000 కుట్లు అని ప్రకటనలో రాసి ఉన్నా, రంగులు మారడం, జరీకి వేగం తగ్గించడం, దారం తెగడం కలుపుకుంటే 650 దగ్గర ఆడుతుంది. 50,000 కుట్ల డిజైన్‌కు గంటంపావు పైన, ఫ్రేములు బిగించే సమయంతో కలిపి సుమారు రెండు గంటలు. రోజుకు 8 గంటలకు 4 బ్లౌజులు, నెలకు 100. మెషిన్ చేయగలదు, ఆర్డర్లు ఉండాలి. పక్క టైలర్ల దగ్గర నుంచి జాబ్ వర్కు తెచ్చుకోవడం ఒక దారి. మీరు ఇప్పుడు బయట ఇస్తున్నట్టే వాళ్ళూ 450 ఇస్తారు, దాంట్లో 320 మిగులుతుంది, అంటే మూడు జాబ్ వర్కు బ్లౌజులు రెండు సొంత బ్లౌజులకు సమానం. సొంతవి 45, జాబ్ వర్కువి 30 అయితే అదనపు ఆదాయం 11,000. వాయిదా తెగుతుంది గాని ఒకటిన్నర రెట్ల మిగులు ఉండదు.

మీకు ఒక గొప్ప సౌకర్యం ఉంది, దానిని వాడుకోండి. మెషిన్ లేకుండానే ఆర్డర్లు వస్తాయో లేదో పరీక్షించగలరు. డిజైన్ల ఆల్బమ్ పెట్టుకుని, షాపు ముందు బోర్డు పెట్టి, వర్కు ఇప్పటిలాగే బయట చేయిస్తూ ఒక సీజను నెల, ఒక మందగించిన నెల, ఒక మధ్యస్థ నెల ఆర్డర్లు పుస్తకంలో రాయండి. కస్టమరు ఇచ్చిన ధర, వర్కు ఖరీదు, డిజైన్ చిన్నదా పెద్దదా అన్న మూడూ రాస్తే చాలు. ఈ సమయంలో ఒక్కో ఆర్డరు మీకు 150 ఇస్తూనే ఉంటుంది, వడ్డీ లేదు, జీతం లేదు. మీ సొంత ఆర్డర్లు ఆ మూడు నెలల సగటున 50 దాటి, ఇద్దరు ముగ్గురు టైలర్లు నెలకు 25 దాకా జాబ్ వర్కు ఇస్తామని చెబితే, అప్పుడు అదనపు ఆదాయం 11,750 దగ్గర మొదలవుతుంది, వాయిదాకు దాదాపు ఒకటింపావు రెట్లు ఉంటుంది. ఒకటిన్నర రెట్లకు ఇది తక్కువే గాని, ఆ స్థాయిలో నేనైతే ముందుకు వెళ్ళే ఆలోచన మొదలుపెడతాను. ఈరోజు ఉన్న 25తో మాత్రం వెళ్ళను. ఒక్క మాట, ఆర్డర్లు పెరిగేకొద్దీ బయట చేయించే మిగులు కూడా పెరుగుతుంది కాబట్టి, కొనే రోజున 3,750 స్థానంలో అప్పటి అంకె వేసి లెక్క మళ్ళీ చేయాలి. 50 ఆర్డర్ల మీద 150 అంటే 7,500, అప్పుడు పైన చెప్పిన 11,750 కాస్తా 8,000కి తగ్గుతుంది. బయట చేయించడమే అంత లాభసాటిగా సాగుతుంటే, మెషిన్ కొనడానికి ఇంకా ఎక్కువ ఆర్డర్లు కావాలని ఆ లెక్క చెబుతోంది. విసుగు పుట్టించినా అది సరైన లెక్కే. అయితే వచ్చిన ఆర్డర్లు సమయానికి చేయించలేక వదులుకుంటున్నప్పుడు, అంటే బయటివాళ్ళు సీజనులో మీ పని ఆలస్యం చేసి కస్టమర్లు వెనక్కి పోతున్నప్పుడు, ఆ పోతున్న బ్లౌజులను కూడా రాసి ఉంచండి. మెషిన్ వస్తే కొత్తగా చేరేవి అవే.

గడువు విషయంలో, 48 నెలలకు బదులు 60 నెలలు అడిగితే వాయిదా 8,008 అవుతుంది. వాయిదా తెగడానికి 63 బ్లౌజులకు బదులు 60 చాలు. మొత్తం వడ్డీ 25,440 ఎక్కువ పడుతుంది. మందగించిన నెలలు ఉన్న మీ వంటి వ్యాపారానికి నేను 60 నెలలే మేలంటాను, సీజను నెలల్లో మిగిలినది ముందుగా కట్టేస్తే ఆ అదనపు వడ్డీలో చాలా భాగం తగ్గుతుంది. దీనికి ముందుగా కట్టినందుకు జరిమానా ఉండకూడదు, ఆ నిబంధన మీ అప్పు పత్రంలో ఏమని ఉందో చదివించుకోండి. ముందుగా కట్టినప్పుడు గడువు తగ్గించమని రాసి ఇవ్వండి, లేకపోతే కొన్ని చోట్ల వాయిదా తగ్గించి గడువును అలాగే ఉంచుతారు.

కొన్న తరువాత మెషిన్‌కు వేరే పుస్తకం, వేరే ఖాతా పెట్టండి. వర్కు డబ్బు అందులో పడాలి, దారం, జీతం, వాయిదా అందులోంచే పోవాలి. టైలరింగ్ డబ్బుతో కలిసిపోతే మెషిన్ తన వాయిదా తాను కట్టుకుంటోందో, కుట్టు డబ్బు తింటోందో మీకు ఏనాటికీ తెలియదు. ఆరో నెల దాటాక ప్రతి మూడు నెలలకు బ్లౌజుల సగటు తీయండి. వాయిదా 9,480 అయితే ఆ సగటు 63కి పైన ఉండాలి, సీజను మూడు నెలల్లో 80 దాటాలి. సీజనులో కూడా 63 దాటలేదంటే ఆర్డర్ల లోటు మందగించిన నెలల వల్ల వచ్చినది కాదు. అప్పుడు వెంటనే జాబ్ వర్కు పెంచడమో, ఆపరేటరును తీసివేసి మీరే నడపడమో, ఏదీ కుదరకపోతే మొదటి సంవత్సరం తిరగకముందే మెషిన్ అమ్మి అప్పులో వేయడమో నిర్ణయించుకోవాలి. మెషిన్ పాతబడేకొద్దీ అమ్మకం ధర పడుతుంది, మొదటి ఏడాది వాయిదాల్లో మూడో వంతుకు పైగా వడ్డీకే పోతుంది కాబట్టి అసలు నిదానంగా తగ్గుతుంది. అమ్మగా వచ్చినదానికీ మిగిలిన బాకీకీ మధ్య తేడాను చేతి నుంచి కట్టవలసి ఉంటుంది, ఆ తేడా ఎంత ఉండవచ్చో కొనే రోజునే సెకండ్ హ్యాండ్ ధర విచారించి రాసి పెట్టుకోండి.